మైనస్ ఆరు లక్షల వెనక

నా ముందు ఒక కాగితం ఉంది. గుంటూరులో ఒక ఆడిట్ ఆఫీసులో చాలా ఏళ్లుగా పనిచేస్తున్న సీనియర్ అకౌంటెంట్ ఒకావిడ పెన్సిలుతో రాసుకున్న వర్కింగ్ పేపర్ అది. బ్యాంకు లోను కోసం సీఎంఏ డేటా తయారుచేసే పనిలో భాగంగా, ఒక కంపెనీ క్యాష్ ఫ్లో స్టేట్‌మెంటును విడదీసి, మళ్లీ కూడి చూశారు. కంపెనీకి మిర్చి కోల్డ్ స్టోరేజీ ఉంది. రైతుల సరుకు దాచిపెట్టడమే కాక, తను కూడా మిర్చి కొని, కారం పట్టించి అమ్ముతుంది. ఎవరిదో గుర్తుపట్టకుండా అంకెలు కొద్దిగా మార్చి చెబుతున్నాను, లెక్క నడిచిన తీరు మాత్రం ఉన్నదున్నట్టే. అంకెలన్నీ లక్షల్లో.

ఆవిడకు అందింది అసలు కాగితం కాదు, కంపెనీ గుమస్తా వాట్సాప్‌లో పంపిన ఫోటో. బైండు చేసిన రిపోర్టును బల్లమీద తెరిచి, ఫ్లాష్ వేసి, కాస్త వాలుగా తీశాడు. స్టేట్‌మెంటులో శీర్షికలు ముదురు రంగు పట్టీల మీద తెల్లక్షరాలతో అచ్చయ్యాయి. ఫ్లాష్ వెలుగు సరిగ్గా ఆ పట్టీల మీదే పడి మూడూ తెల్లగా మెరిసిపోయాయి. అంటే ఏ వరస ఆపరేటింగో, ఏది ఇన్వెస్టింగో, ఏది ఫైనాన్సింగో చెప్పే మాటలే మాయమయ్యాయి. కుడి అంచున కొన్ని అంకెల బ్రాకెట్లు మడతలో పోయాయి. అదృష్టం ఏమిటంటే, బొద్దుగా అచ్చేసిన ఉపమొత్తాలు మూడూ, చివరి నికర మార్పూ చదవడానికి వస్తున్నాయి: 216, (245), 23, చివర్న (6).

మంచి ఫోటో పంపమని అడగొచ్చు కదా అనిపిస్తుంది. అడిగారు, వచ్చింది కూడా, మర్నాడు. కానీ ఆ మర్నాటి ఫోటోతో పోల్చి చూస్తే ముందు రోజు కాగితంలో మార్చాల్సింది ఒక్కటీ లేకపోయింది. అందుకే ఈ కాగితాన్ని తీరిగ్గా చూడాలనిపించింది.

మొదట ఆకట్టుకున్నది ఆవిడ గీసిన గళ్లు. మామూలుగా ఎవరైనా వరస పేరు, అంకె, శీర్షిక అని మూడు గళ్లు పెట్టుకుంటారు. ఈవిడ అంకెకు రెండు గళ్లు పెట్టారు. ఒకటి 'కనిపించినది', రెండోది 'తీసుకున్నది'. బ్రాకెట్ కనబడకపోతే మొదటి గడిలో బ్రాకెట్ లేకుండానే రాసి, పక్కన ప్రశ్నార్థకం పెట్టారు. అక్కడ ఉండి తీరాలని తెలిసినా సరే, పెట్టలేదు. చూసినదాన్నీ, ఊహించినదాన్నీ ఒకే గడిలో కలిపేస్తే, తర్వాత తేడా వచ్చినప్పుడు ఏది కాగితం చెప్పిందో, ఏది మనం చెప్పామో విడదీయడం కుదరదు. ఫోటో వాలుగా ఉంది కాబట్టి ఎడమ పక్క పేరుకు కుడిపక్క కింది వరస అంకె అతుక్కునే ప్రమాదం కూడా ఉంది. దానికి ఆవిడ ఫోటోను ప్రింటు తీసి, ప్రతి వరస కిందా స్కేలు ఆనించి సన్నగీత గీశారు. పాత ఏడాది అంకెల వరసను కూడా చదివారు, వాడటానికి కాదు, పోయినేడు ముగింపు నగదు 58, ఈ ఏడు ప్రారంభ నగదు 58 ఒకటేనా అని చూడటానికి. ఆ రెండూ కలిస్తే కనీసం ఏ నిలువు వరస ఏ ఏడాదిదో తారుమారు కాలేదని తేలినట్టే.

ఇక వర్గీకరణ. ఇక్కడ పాటించింది భారత చార్టర్డ్ అకౌంటెంట్ల సంస్థ 1997లో సవరించిన ఏఎస్ 3 ప్రమాణం. వ్యాపారం రోజువారీగా నడవడంలో వచ్చీపోయే డబ్బు ఆపరేటింగ్. యంత్రాలు, భవనాలు, దీర్ఘకాలపు డిపాజిట్ల లాంటివి కొనడం, అమ్మడం ఇన్వెస్టింగ్. అప్పులు, వాటాదారుల సొమ్ము రావడం, తిరిగి ఇవ్వడం ఫైనాన్సింగ్. చెప్పడానికి ఇంతే. చిక్కల్లా ఒకే పేరు పేజీలో రెండు మూడు చోట్ల కనబడటంలో ఉంది.

ఈ పేజీలో వడ్డీ అనే మాట నాలుగుసార్లు వచ్చింది. పైన 71, దానికి కొంచెం కింద (12), పేజీ మధ్యలో 11, అడుగున (73). వడ్డీ అంటే అప్పుకు సంబంధించినది కదా అని నాలుగింటినీ ఫైనాన్సింగ్‌లోకి తోసేస్తే లెక్క చెడుతుంది. ఆవిడ వీటిని విడివిడిగా చదవలేదు, జంటలుగా కట్టారు. పైనున్న 71 లాభనష్టాల ఖాతాలో ఖర్చుగా రాసిన వడ్డీ. స్టేట్‌మెంటు పన్నుకు ముందు లాభం 184తో మొదలవుతుంది, ఆ 184లోంచి వడ్డీ అప్పటికే తీసేసి ఉంది. దాన్ని ఆపరేటింగ్‌లోంచి తప్పించాలంటే ముందు తిరిగి కలపాలి. కాబట్టి 71 అనేది చేతులు మారిన డబ్బు కాదు, లాభానికి చేసిన సవరణ. చేతులు మారిన డబ్బు అడుగునున్న (73), అది ఫైనాన్సింగ్. రెండింటికీ మధ్య తేడా 2. పోయినేడు మార్చిలో లెక్కకట్టి ఈ ఏడు కట్టిన వడ్డీ ఎక్కువ, ఈ ఏడు లెక్కకట్టి ఇంకా కట్టనిది తక్కువ అన్నమాట. అలాగే వచ్చిన వడ్డీ. (12) ఆదాయంగా రాసినదాన్ని లాభంలోంచి తీసేయడం, 11 నిజంగా చేతికందింది, ఇన్వెస్టింగ్‌లో.

ఇంకో జంట లారీది. పాత లారీ అమ్మితే 14 వచ్చింది. పైన 'ఆస్తి అమ్మకంపై లాభం (5)' అని ఉంది. లారీ పుస్తక విలువ 9 అన్నమాట. ఆ 5 ఇప్పటికే 14లో కలిసి ఉంది కాబట్టి దాన్ని లాభంలోంచి తీసేయకపోతే రెండుసార్లు లెక్కేసినట్టవుతుంది. జంట కట్టడంలో మరో లాభం కూడా ఉంది. అమ్మిన ధరకన్నా లాభం ఎక్కువుండటం అసాధ్యం. వరస జారి 14 పైకీ 5 కిందికీ వచ్చి ఉంటే ఇక్కడే దొరికిపోయేది. కాగితం మీద ఈ జంటల మధ్య సన్నని విల్లులాంటి గీతలు గీసి, గీత మీద తేడా రాశారు: 2, 1, 9. ఆ మూడు చిన్న అంకెల్లో ఆవిడ అనుభవమంతా కనబడింది నాకు.

వడ్డీ ఎక్కడ పెట్టాలన్నది దేశాన్నిబట్టి మారుతుందని కూడా ఇక్కడే చెప్పుకోవాలి. మన ప్రమాణం ప్రకారం ఫైనాన్స్ కంపెనీ కానివాళ్లు కట్టిన వడ్డీ ఫైనాన్సింగ్, వచ్చిన వడ్డీ ఇన్వెస్టింగ్. అమెరికా పద్ధతిలో రెండూ ఆపరేటింగే. ఇదే కోల్డ్ స్టోరేజీ డాలస్‌లో ఉంటే ఆపరేటింగ్ 216 కాస్తా 154కి దిగుతుంది, ఇన్వెస్టింగ్ (256), ఫైనాన్సింగ్ 96 అవుతాయి. కూడండి, మళ్లీ (6)యే. హైదరాబాదులో సీఏ చదివి అక్కడ సీపీఏ రాయబోయే పిల్లలు మొదట తడబడేది ఇలాంటి చోటే. అందుకే ఆవిడ కాగితం నెత్తిన, అన్నిటికన్నా ముందు రాసిన మాట 'ఏఎస్ 3'. ఏ ప్రమాణమో తెలియకుండా చేసే వర్గీకరణకు ఒప్పూ లేదు, తప్పూ లేదు.

ఈ కాగితంతోపాటు ఇంకొకటి కూడా ఉంది. అదే ఫోటో చూసి ఆర్టికల్ కుర్రాడు ముందుగా ఎక్సెల్‌లో టైపు చేసిన నకలు. అతనికి నికర మార్పు 268 వచ్చింది. ఫోటోలో ఉన్నది (6). తేడా 274. ఇలాంటి తేడాలకు పాత గుమస్తాలు ఎరిగిన గుర్తులు కొన్నున్నాయి. ఒక వరస వదిలేస్తే తేడా సరిగ్గా ఆ వరసంత ఉంటుంది. బ్రాకెట్ పోతే తేడా ఆ అంకెకు రెట్టింపు ఉంటుంది, ఎందుకంటే తీసేయాల్సింది తీసేయకపోవడమే కాక, కలిపారు కూడా. పక్కపక్క అంకెలు తారుమారైతే తేడా తొమ్మిదితో భాగింపబడుతుంది. కుర్రాడు ఈ మూడూ ప్రయత్నించాడు. 274 ఉన్న వరస లేదు. సగం చేస్తే 137, అదీ లేదు. తొమ్మిదితో పోదు. తప్పు ఒక్కటే అయితేనే ఈ గుర్తులు పనికొస్తాయి. రెండు మూడు తప్పులు కలిసిపోతే మొత్తం తేడాలో ఏదీ దొరకదు.

ఆవిడ మొత్తాన్ని వదిలేసి ఉపమొత్తాల దగ్గరికి వెళ్లారు. కుర్రాడి ఆపరేటింగ్ 477, ఉండాల్సింది 216. ఇన్వెస్టింగ్ (250), ఉండాల్సింది (245). ఫైనాన్సింగ్ 41, ఉండాల్సింది 23. ఒక తేడా మూడు ముక్కలైంది: 261, మైనస్ 5, 18. ఎక్కువగా కనిపించే 261ని పట్టుకోలేదు ఆవిడ, అన్నిటికన్నా చిన్నదాన్ని తీసుకున్నారు. ఇన్వెస్టింగ్‌లో 5 ఎక్కువగా పోయినట్టుంది. పేజీలో 5 ఒక్కచోటే ఉంది, లారీ మీద లాభం. లారీ అమ్మకం కాబట్టి దాని లాభం కూడా లారీ పక్కనే ఉండాలనుకుని అతను ఇన్వెస్టింగ్‌లో పెట్టేశాడు. దాన్ని పైకి పంపగానే ఇన్వెస్టింగ్ సరిపోయింది, ఆపరేటింగ్ 472కి తగ్గింది. ఇప్పుడక్కడ తేడా 256. సగం 128. ఆ అంకె పేజీలో ఉంది: సరుకు నిల్వల వరస. మడతలో పోయిన బ్రాకెట్లలో దానిదొకటి. ఇక మిగిలిన 18 తొమ్మిదితో పోతుంది, రెండు రెట్లు. అంటే రెండంకెల మధ్య రెండు తేడా ఉన్న సంఖ్య ఏదో తిరగబడింది. ఫైనాన్సింగ్‌లో టర్మ్ లోను కొత్తగా తీసుకున్నది 180, తిరిగి కట్టినది 64, వడ్డీ 73, డివిడెండు 20. 20 తిరగబడితే 02, అలా ఎవరూ కొట్టరు, ఇక మిగిలింది 64 ఒక్కటే. కుర్రాడు 46 అని కొట్టాడు.

ఇక్కడ చాలామంది ఆగిపోతారు. లెక్క కలిసింది కదా. ఆవిడ ఆగలేదు. 128కి బ్రాకెట్ పెడితే లెక్క కలుస్తుంది కాబట్టి బ్రాకెట్ ఉండాలి అనుకోవడం వెనక నుంచి ముందుకు నడవడం. స్టేట్‌మెంటులో ఆ వరస పేరేమో 'నిల్వలలో (పెరుగుదల)/తగ్గుదల'. అచ్చు ఫార్మాటులో ఎప్పుడూ ఇలాగే రెండు వైపులా ఉంటుంది, పేరు చూసి ఏ వైపో చెప్పలేం. ఆవిడ బ్యాలెన్స్ షీట్ తీసి చూశారు. నిల్వలు 310 నుంచి 438కి పెరిగాయి. తేడా 128, పెరుగుదల, కాబట్టి డబ్బు బయటికి పోయింది. తర్వాత గుమస్తాకు ఫోను చేసి, "స్టాకు ఇంత పెరిగిందేం అండీ?" అంటే, "తేజ రకం రేటు కోసం ఆపాం మేడమ్, వేసవిలో వదుల్దామని" అన్నాడట. ఆ మాట కూడా గడిలో ఒక మూల రాసుకున్నారు. 'తీసుకున్నది' గడిలో అప్పుడే (128) వచ్చింది, ప్రశ్నార్థకం మీద కొట్టివేత పడింది.

కుర్రాడి మూడు తప్పుల్లో ఒకదాన్ని మళ్లీ చూడండి. సరుకు బ్రాకెట్, తిరగబడిన 64, ఈ రెండూ మొత్తాన్ని పాడుచేశాయి. లారీ లాభాన్ని తప్పు శీర్షిక కింద పెట్టడం మాత్రం మొత్తాన్ని ముట్టుకోలేదు. అతను మిగతా రెండూ సరిగ్గా చేసి ఉంటే నికర మార్పు చక్కగా (6) వచ్చేది, కింద టిక్ పడేది, ఆపరేటింగ్ 221 అని బ్యాంకుకు వెళ్లిపోయేది. మూడు జేబుల్లో ఉన్న డబ్బును ఏ జేబులోంచి ఏ జేబులోకి మార్చినా మొత్తం మారదు. నికర మార్పు సరిచూడటం వల్ల కూడికలో తప్పులు దొరుకుతాయి, చదవడంలో తప్పులు దొరుకుతాయి. వర్గీకరణలో తప్పు దొరకదు. ఈ పేజీలో ఉపమొత్తాలు ఫ్లాష్ కింద పడకుండా మిగిలాయి కాబట్టి దొరికింది. అవి కూడా పోయి ఉంటే ఆ జంటల గీతలే దిక్కు.

ఉపమొత్తాలు కలిసినా తప్పు మిగిలే చోటు ఒకటుంది. నాకు అన్నిటికన్నా నచ్చిన పని ఆవిడ అక్కడే చేశారు. ఇన్వెస్టింగ్‌లో పెద్ద వరస (240), కోల్డ్ స్టోరేజీ కప్పు మీద పెట్టిన సోలార్ ప్యానెళ్లు. దానికి ఎదురుగా ఫైనాన్సింగ్‌లో కొత్త టర్మ్ లోను 180. అంటే ముప్పాతిక భాగం బ్యాంకు, పాతిక భాగం సొంతం. ఇది మామూలు మార్జినే, అంకెలు ఒకదాన్నొకటి బలపరుస్తున్నాయి. కానీ ఆపరేటింగ్‌లో 'వ్యాపార చెల్లింపుల బాకీలలో పెరుగుదల 22' అని ఉంది. ఆవిడ బ్యాలెన్స్ షీట్ నోటు తిరగేస్తే, ఆ 22లో 15 సోలార్ ప్యానెళ్లు అమ్మినవాళ్లకు ఇంకా ఇవ్వాల్సిన బాకీ అని తేలింది. మిర్చి అప్పు తెచ్చి కట్టకపోతే అది ఆపరేటింగ్ బాకీ. ప్యానెళ్లకు కట్టకపోతే అది యంత్రం బాకీ. ఆ 15 ఇంకా చెల్లించలేదు కాబట్టి యంత్రాలకు ఈ ఏడు నిజంగా పోయిన డబ్బు 225, సరుకు బాకీల పెరుగుదల 7. ఆపరేటింగ్ 201, ఇన్వెస్టింగ్ (230), ఫైనాన్సింగ్ 23. మొత్తం యథాప్రకారం (6).

ఈ తప్పు ఫోటోది కాదు, కుర్రాడిదీ కాదు, స్టేట్‌మెంటు తయారుచేసినవాళ్లది. ఆవిడ దాన్ని తన గళ్లలో కలిపేయలేదు. స్టేట్‌మెంటులో ఉన్నది 216 కాబట్టి సీఎంఏలో 216 వేసి, పక్కన వేరే సిరాతో '15 క్యాపిటల్ బాకీ, ఆడిటరుతో మాట్లాడాలి' అని రాశారు. సంతకమైన కాగితంలోని అంకెను మనకు తెలివి ఉంది కదా అని మార్చేయకూడదు. అలాగని చూడనట్టు ఊరుకోకూడదు. లోను కిస్తీలు కట్టగలరా లేదా అని తేల్చేటప్పుడు బ్యాంకు ఆపరేటింగ్ అంకెను కూడా చూస్తుంది. ఈ 15 ఒక్క ఏడాదికి మాత్రమే కనబడే డబ్బు, వచ్చే ఏడు ప్యానెళ్లవాడు అడిగి తీసుకుపోతాడు.

చివరగా బ్యాలెన్స్ షీటుతో కలపడం. ప్రారంభం 58, మార్పు (6), ముగింపు 52. బ్యాలెన్స్ షీటులో నగదు, బ్యాంకు నిల్వలు అని ఉన్నది 97. కొత్తవాళ్లు ఇక్కడ గుండె బాదుకుంటారు. ప్రమాణం ప్రకారం నగదుతో సమానమైనవంటే, కొన్న తేదీనుంచి మూడు నెలల్లోపు గడువు తీరేవి మాత్రమే. నోటు చూస్తే చేతిలో నగదు 3, కరెంటు ఖాతాలో 49, ఏడాది గడువు ఫిక్సెడ్ డిపాజిట్లు 45. మొదటి రెండూ కలిపితే 52. డిపాజిట్లు పోయినేడు 15, ఇప్పుడు 45, పెరిగిన 30 ఇన్వెస్టింగ్‌లో (30)గా కనబడుతోంది. బ్యాలెన్స్ షీటులో 73 నుంచి 97కి, అంటే 24 పెరిగింది. (6)కి 30 కలిపితే 24. ఈ కలయిక ఆవిడ కాగితం అడుగున ఒక్క వరసలో ఉంది, దాని చుట్టూ గుండ్రంగా గీత గీశారు.

దీనితో పని అయిపోయిందనుకోడానికి వీల్లేదు. స్టేట్‌మెంటు, బ్యాలెన్స్ షీట్ ఒకే ఖాతా పుస్తకాల్లోంచి పుడతాయి. పుస్తకంలో లేని డబ్బు రాస్తే రెండూ కలిసే అబద్ధమాడతాయి, హాయిగా కలుస్తాయి. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ ఛైర్మన్ రామలింగరాజు రాసిన ఉత్తరంలో, పుస్తకాల్లో చూపిన నగదు, బ్యాంకు నిల్వలు 5,361 కోట్లలో 5,040 కోట్లు అసలు లేనే లేవని ఒప్పుకున్నారు. నికర మార్పు కూడి చూసి ఆ లోటును ఎవరూ పట్టుకోగలిగి ఉండేవారు కాదు. దానికి పుస్తకం బయటి కాగితం ఒకటి కావాలి.

ఆవిడ అడిగిన ఆ బయటి కాగితం మార్చి 31 నాటి కరెంటు ఖాతా స్టేట్‌మెంటు, గుమస్తా చేతిమీదుగా కాకుండా బ్యాంకు మెయిల్ నుంచి నేరుగా. అందులో నిల్వ 61. పుస్తకంలో 49. తేడా 12, ఇచ్చినా ఇంకా బ్యాంకులో వేయని చెక్కులు మూడు. వాటి నంబర్లు కాగితం వెనక రాసుకుని, ఏప్రిల్ స్టేట్‌మెంటు తెప్పించి చూశారు. రెండు మొదటి వారంలోనే పాసయ్యాయి. మూడోది, 4 లక్షలది, 19న పాసైంది. ఇంత ఆలస్యమెందుకని అడిగితే లారీ కిరాయి తగాదా అని గుమస్తా చెప్పాడు, బిల్లు చూపించాడు. మూడు నంబర్ల పక్కనా టిక్ పెట్టి, ఫైలు బ్యాంకుకు పంపారు.